నడుమ దాకా వేడి చేరాలి: పీటలు, దిండ్లు, బొమ్మల్లోని పురుగును ఎండతోనూ చలితోనూ చంపే పద్ధతి

మా ఇంట్లో అమ్మమ్మ నాటి మామిడి చెక్క పీట ఒకటి ఉంది. ఒక ఏడాది మార్చి నెలలో దాని కింద చిటికెడు తెల్లటి పిండి కనిపించింది. ఊడ్చేస్తే మరునాటికి మళ్ళీ అదే చోట అంతే పిండి. వేళ్ళ మధ్య రుద్దితే ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉంది. పీటను తిరగేసి చూస్తే ఆవగింజ దూరేంత గుండ్రటి రంధ్రాలు ఏడెనిమిది ఉన్నాయి. నల్గొండలో ఉంటూ ఎండకు వెతుక్కోవాలా అనుకుని, ఏప్రిల్‌లో నాలుగు రోజుల పాటు పీటను డాబా మీద వదిలేశాను. నాలుగో రోజు సాయంత్రానికి పైపలక నడుమ జానెడు పొడవున పగులు వచ్చింది. పిండి రాలడం మాత్రం ఆగలేదు.

ఆ పగులు చూసినప్పుడల్లా ఇప్పటికీ నా మనసు చివుక్కుమంటుంది. తప్పు ఎండది కాదు. ఎండను ఎలా వాడాలో తెలియక నేను చేసిన తప్పు అది. తర్వాత రెండు వేసవుల్లో పీటను, సోఫా దిండ్లను, మా అమ్మాయి టెడ్డీలను ఒక్కొక్కటిగా సరిచేసుకుంటూ వచ్చాను. ఏ పని చేయాలో, ఎందుకు చేయాలో, ఎక్కడ దెబ్బతింటామో వరుసగా రాస్తున్నాను.

ముందు ఏ పురుగో తేల్చుకోండి

చెక్కలో పిండి రాల్చేది పుచ్చు పురుగు. తల్లి పురుగు చెక్క రంధ్రాల్లో గుడ్లు పెడుతుంది. వాటి నుంచి వచ్చిన పిల్ల పురుగు నెలల తరబడి లోపలే చెక్కను తింటూ సొరంగాలు తొలుస్తుంది. చివరకు రెక్కల పురుగుగా మారి చెక్కను చీల్చుకుని బయటికి వస్తుంది. మనకు కనిపించే రంధ్రం అది బయటికి వచ్చిన దారి. అంటే రంధ్రం కనిపించేసరికి ఒక పురుగు తన పని ముగించుకుని వెళ్ళిపోయింది, దాని తోబుట్టువులు ఇంకా లోపలే ఉన్నాయి. ఈ పురుగుకు కావలసింది చెక్కలోని పిండిపదార్థం. అందుకే మామిడి లాంటి మెత్తటి చెక్క, ఏ చెక్కలోనైనా చేవ లేని తెల్లటి భాగం, వెదురు ముందు పుచ్చిపోతాయి. టేకు చేవ జోలికి ఇది సాధారణంగా పోదు.

దిండ్లలో, టెడ్డీల్లో దాక్కునేవి ఎక్కువగా నల్లులు. కుట్టు వెంట, జిప్పు మడతల్లో, టెడ్డీ చంకల్లో చూడండి. సిరా చుక్కల్లాంటి నల్లటి మచ్చలు, గోధుమరంగు పొట్టు, కుట్టుకు అంటుకున్న తెల్లటి సన్నని గుడ్లు కనిపిస్తే అనుమానం అక్కర్లేదు. మా ఇంటికి అవి హాస్టల్ నుంచి వచ్చిన పరుపు చుట్టతో పాటు దిగాయి.

చెద సంగతి వేరు. చెద పట్టిన చెక్కలో మట్టి కనిపిస్తుంది, గోడ వెంట మట్టి గొట్టాలు పాకుతాయి. దాని పుట్ట నేలలో ఉంటుంది కాబట్టి చెక్కను ఎంత ఎండబెట్టినా ప్రయోజనం ఉండదు. ఇక్కడ చెప్పే పద్ధతులేవీ చెదకు సరిపోవు.

ఉత్త ఎండ ఎందుకు చాలదు

మే నెలలో మా దగ్గర గాలి వేడి 42, 43 డిగ్రీలు ఉంటుంది. ఆ వేడికి మనుషులు అల్లాడిపోతారు గానీ, నల్లి చావదు. 45 డిగ్రీల దగ్గర పెద్ద నల్లి చావడానికి కూడా గంటన్నర దాకా పడుతుంది. గుడ్లు ఇంకా మొండివి. 48 డిగ్రీల దగ్గర కూడా అవి గంటకు పైగా తట్టుకుంటాయి. 55 దాటితే మాత్రం నల్లి, దాని గుడ్డు రెండూ నిమిషాల్లో పోతాయి. చెక్క పురుగు విషయంలోనూ ఇంచుమించు అదే లెక్క. దేశాల మధ్య సరుకు రవాణాకు వాడే చెక్క పెట్టెలకు అంతర్జాతీయంగా ఒక నియమం ఉంది. చెక్క నడిమధ్య భాగం 56 డిగ్రీలకు చేరి, ఏకధాటిగా 30 నిమిషాలు అలా నిలవాలి.

నేను ఇంట్లో దాన్నే కాస్త పెంచి పెట్టుకున్నాను: నడుమ 56 డిగ్రీలు, ఒక గంట. దిండుకైనా, బొమ్మకైనా, పీటకైనా ఇదే ఒక్క లెక్క. ఇందులో బరువంతా ‘నడుమ’ అన్న మాట మీదే ఉంది.

ఒకసారి నాలుగంగుళాల స్పాంజి దిండును మిట్టమధ్యాహ్నం ఉత్తగానే ఎండలో పెట్టి కొలిచాను. పైగుడ్డ మీద చేయి ఆననివ్వలేదు. స్పాంజి నడుమ 41 డిగ్రీలే ఉంది. అడుగున, చాప తగిలే చోట 38. నల్లికి అడుగుకు నడిచిపోవడానికి పట్టేది క్షణాలే. పైన కాలుతుంటే అది కిందికి దిగి, నీడలో కూర్చుని, సాయంత్రం మనతో పాటే ఇంట్లోకి వస్తుంది. చెక్కలోని పురుగు సంగతీ అంతే. పై పొర ఎంత వేడెక్కినా లోతున ఉన్నదానికి ఆ వేడి తగలదు. ఇక ఉత్త ఎండలో పై పొరలోని తేమ ఆవిరైపోయి అది ముడుచుకుంటుంది, లోపలి చెక్క ముడుచుకోదు. ఆ లాగుడుకే మా పీట పగిలింది.

అంటే మనం మూడు పనులు చేయాలి. పురుగు పారిపోకుండా మూయాలి. లోపలి వేడిని గాలి ఎత్తుకుపోకుండా ఆపాలి. చెక్కలోని తేమ చెక్కలోనే ఉండేలా చూడాలి. ఈ మూడింటినీ ఒక నల్ల పాలిథిన్ కవరు చేసిపెడుతుంది.

కావలసిన సామాను

అన్నిటికన్నా ముందు థర్మామీటర్. జ్వరం చూసుకునేది పనికిరాదు. అది 42 దగ్గర ఆగిపోతుంది, పాదరసపుదైతే పగిలిపోతుంది కూడా. ఫ్రిజ్‌లకు, చేపల తొట్లకు వాడే చిన్న డిజిటల్ థర్మామీటర్ దొరుకుతుంది. అగ్గిపెట్టెంత తెర, దానికి మీటరు పొడవు వైరు, వైరు కొసన చిన్న లోహపు మొన ఉంటాయి. కొనేటప్పుడు అది సున్నాకు దిగువన 25 నుంచి పైన 70 డిగ్రీల దాకా చూపుతుందో లేదో అడగండి. ఇంటికి తెచ్చాక గ్లాసులో మంచుముక్కలు నిండుగా వేసి, కాసిన్ని నీళ్ళు పోసి, మొనను అందులో ముంచండి. సున్నా చూపాలి. ఒకటి అటూ ఇటూ అయితే ఆ తేడాను గుర్తుపెట్టుకుని లెక్కలో కలుపుకోండి.

తర్వాత నల్ల పాలిథిన్. దళసరి చెత్త సంచులు చాలు. మాకైతే పక్క ఊరి రైతు పుచ్చకాయ తోటకు వేయగా మిగిలిన మల్చింగ్ షీటు ఇచ్చాడు. ఆ షీటుకు ఒక వైపు వెండి రంగు, మరో వైపు నలుపు ఉంటాయి. పొలంలో వెండి వైపు పైకి వేస్తారు, ఇక్కడ నలుపు పైకి ఉండాలి. తెలియక నేను మొదటిసారి పొలంలో చూసినట్టే వేశాను. మధ్యాహ్నం దాకా వేడి ఎక్కలేదు. వెండి రంగు ఎండను తిప్పికొడుతుందన్న సంగతి తిరగేసి వేశాక గాని తట్టలేదు.

వీటితో పాటు ఒక పారదర్శకమైన పాలిథిన్ షీటు, రెండంగుళాల దళసరి థర్మోకోల్ పలక, పాత నూలు దుప్పటి, వెడల్పు టేపు, నాలుగు ఇటుకలు ఉంటే చాలు.

మూట కట్టడం

మూటను పురుగు ఉన్న గదిలోనే కట్టండి. నల్లులున్న దిండును చేత్తో పట్టుకుని హాలు దాటి, మెట్లెక్కి, డాబా మీదికి తీసుకెళ్ళి అక్కడ మూట కడితే, దారి పొడవునా విత్తనాలు చల్లినట్టే. మంచం పక్కనే కవరు విప్పి, దిండును అందులోకి దింపి, అక్కడే టేపు వేయాలి.

చెక్క వస్తువైతే ముందు నూలు దుప్పటితో ఒక చుట్టు చుట్టండి. వేడికి చెక్క నుంచి వెలువడే కొద్దిపాటి తేమను ఆ గుడ్డ పీల్చుకుంటుంది, చల్లబడేటప్పుడు తిరిగి ఇస్తుంది. కవరు లోపల నీటిచుక్కలు చెక్క మీద పడి మచ్చలు కాకుండా ఉండేది కూడా దాని వల్లనే. తర్వాత నల్ల కవరులో పెట్టి, గాలి వీలైనంత బయటికి నొక్కేసి, మూతి మడిచి టేపు వేయండి. కవరుకు సూది మొనంత చిల్లు కూడా ఉండకూడదు. తేమ పోతే పగులు తప్పదు.

టెడ్డీలో శబ్దం చేసే పెట్టె, బ్యాటరీ ఉంటే కుట్టు విప్పి తీసేయండి. దిండ్లకు జిప్పు ఉంటే గలీబును తీసి వేడినీళ్ళలో ఉతకండి, లోపలి స్పాంజిని మాత్రం మూట కట్టండి.

ఇప్పుడు థర్మామీటర్ మొన. దిండుకైతే కుట్టు పక్కన సన్నని సందు చేసి నడిమధ్యకు దూర్చాలి. టెడ్డీకి పొట్ట భాగం అన్నిటికన్నా మందం, మొన అక్కడికి చేరాలి. పీటకు బెజ్జం వేయడానికి మనసు ఒప్పదు కదా. వడ్రంగి దగ్గర అంతే మందం ఉన్న మామిడి చెక్క ముక్క అడిగి తెచ్చుకోండి. దాని పక్క నుంచి నడిమధ్య దాకా సన్నని బెజ్జం వేయించి, మొనను అందులో పెట్టి, మూతికి తడి గోధుమపిండి అద్దండి. ఆ ముక్కను పీటతో పాటే మూటలో పెట్టాలి. ముక్క నడుమ ఎంత ఉంటే పీట నడుమ ఇంచుమించు అంతే. ముక్క మందం పీటలోని అత్యంత మందమైన భాగానికి సరిపోవాలి, పైపలకకు కాదు. మా పీట పలక అంగుళంన్నర, కింద అడ్డకర్రలు రెండంగుళాలు. అందుకని రెండంగుళాల ముక్కే పెట్టాను. వైరు కూడా కనీసం జానెడు మూట లోపలే చుట్టి ఉండాలి. లేకపోతే బయటి వేడి వైరు వెంట పాకి తప్పు లెక్క చూపుతుంది.

డాబా మీద ఒక రోజు

మన దగ్గర మే రెండో వారానికి అటూ ఇటూగా మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నల్గొండ, మహబూబ్‌నగర్ రెండింటికీ ఇది వర్తిస్తుంది. ఆ రోజుల్లో మూటను సమతలంగా పడుకోబెడితేనే ఎండ నిండుగా తగులుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ కార్తె ముగిసేదాకా, అంటే జూన్ మొదటి వారం దాకా ఈ పనికి మంచి అదను. మృగశిర వచ్చిందంటే మబ్బులు మొదలవుతాయి. డిసెంబరు, జనవరిలో చేయాలంటే సూర్యుడు దక్షిణానికి బాగా వాలి ఉంటాడు కాబట్టి, పలకను దక్షిణం వైపు నలభై డిగ్రీల వాలుగా నిలబెట్టాలి. గాలి లేని రోజైతే పని జరగవచ్చు. థర్మామీటర్ చూడకుండా మాత్రం ఆ నెలల్లో ఎండను నమ్మకండి.

ఉదయం తొమ్మిదిన్నరకల్లా ఇటుకల మీద థర్మోకోల్ పలక, దాని మీద మూట పెట్టండి. పొద్దున డాబా సిమెంటు ఇంకా చల్లగా ఉంటుంది. నేరుగా దాని మీద పెడితే ఎక్కిన వేడినంతా నేలే పీల్చేస్తుంది. మూట పైన నాలుగు వేళ్ళ ఎడం ఉండేలా పారదర్శక షీటును డేరాలా కప్పి, అంచులు ఇటుకలతో తొక్కించండి. ఈ రెండో షీటు లేకపోతే గాలి వీచిన ప్రతిసారీ నల్ల కవరు వేడి కొట్టుకుపోతుంది. దాని విలువ నాకు తెలిసింది ఒక గాలి రోజునే. షీటు ఎగిరిపోయి పావుగంట చూసుకోలేదు, కవరు పక్కన 64 ఉన్నది 52కు పడిపోయింది.

మా పీట లెక్క ఇలా సాగింది. పదింటికి చెక్క ముక్క నడుమ 34. పన్నెండుకు 46. ఒంటిగంటన్నరకు 53. అప్పటికే కవరు లోపలి గాలి 66 దాటింది, అయినా చెక్క నడుమకు వేడి నిదానంగానే దిగుతుంది. రెండుంబావుకు 56 వచ్చింది. అక్కడి నుంచి గంట లెక్కపెట్టి, మరో పావుగంట అదనంగా ఉంచి, మూడున్నరకు ఆపాను. అప్పుడు 60 ఉంది. మూటను అలాగే మెట్ల గదిలోకి దింపి, విప్పకుండా మరునాటి ఉదయం దాకా వదిలేశాను. వేడి మీద విప్పి ఉంటే పీట మళ్ళీ పగిలేది. మరునాడు విప్పితే కొత్త గీత ఒక్కటీ లేదు.

దిండు తీరు కొంచెం వేరు. స్పాంజి, దూది రెండూ వేడిని లోపలికి సులువుగా పోనివ్వవు. అందుకని మధ్యాహ్నం పన్నెండున్నరకు మూటను తిరగేయాలి. నాలుగంగుళాల దిండు నడుమ 56 చేరేసరికి రెండున్నర అయింది. మొదటి రోజు తొందరపడి రెండు దిండ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి కట్టాను. సాయంత్రం నాలుగైనా రెండింటి నడుమ 46 దాటలేదు. మరునాడు విడివిడిగా చేయాల్సి వచ్చింది. ఒక మూటకు ఒకే దిండు, ఒకే పొర.

మందం ఎక్కడ అడ్డం తిరుగుతుందో తెలుసుకుంటే చాలా శ్రమ తప్పుతుంది. మందం రెట్టింపైతే వేడి నడుమకు చేరే సమయం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. అంగుళం చెక్కకు అరగంట పడితే రెండంగుళాలకు రెండు గంటలు, నాలుగంగుళాలకు ఎనిమిది గంటలు. మన ఎండ గట్టిగా ఉండేది ఐదారు గంటలే. అందుకే రెండంగుళాలు, మహా అయితే రెండున్నర అంగుళాలకు మించిన చెక్కను ఎండ మీద వదలకండి. పందిరి మంచం కోళ్ళు, రోకళ్ళు ఈ పద్ధతికి లొంగవు.

వేడి 65 దాటుతుంటే పారదర్శక షీటు అంచు కాస్త ఎత్తండి. అంతకు మించితే టెడ్డీ కళ్ళు అంటించిన జిగురు వదులవుతుంది. పిల్లలున్న ఇంట్లో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. డేరాలా కట్టిన పాలిథిన్ చూస్తే వాళ్ళకు దూరాలనిపిస్తుంది, అది ఊపిరి తీసేస్తుంది. మూట ఉన్నంతసేపు డాబా తలుపుకు గొళ్ళెం పెట్టాలి.

ఎండకు ఇవ్వకూడనివి

లక్క పూసిన బొమ్మలను వేడి చేయకండి. ఏటికొప్పాక బొమ్మల మెరుపు లక్కదే. 65 డిగ్రీల దరిదాపుల్లో లక్క మెత్తబడి గుడ్డకు అంటుకుంటుంది. మైనం పూసినవీ అంతే. రంగు పెచ్చులుగా లేస్తున్న పాత నిర్మల్ బొమ్మలు, జిగురుతో అతికిన వీణ, హార్మోనియం లాంటివి ఎండకు గాని, ఫ్రీజర్‌కు గాని ఇవ్వకుండా పనితెలిసిన వారికి చూపించండి. తడి పచ్చిగా ఉన్న చెక్క కూడా రెండింటికీ పనికిరాదు. అది ముందు నీడలో ఆరాలి.

మంచాల మీద మరిగే నీళ్ళు పోయడం మన ఊళ్ళలో పాత అలవాటు. నీళ్ళు తగిలిన నల్లి తగిలినట్టే చస్తుంది, అందులో అబద్ధం లేదు. కాని కోళ్ళ అతుకుల లోతుకు వెళ్ళేలోపే నీరు చల్లారిపోతుంది. పైగా అతుకులు ఉబ్బి వదులవుతాయి. నులక మంచానికైతే సరే, జిగురు పెట్టి చేసిన ఫర్నిచర్‌కు వద్దు. జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో కుట్ల మీదికి వేడి గాలి కొట్టకండి, నల్లులు ఎగిరి నలుదిక్కులా పడతాయి. చెక్కను మైక్రోవేవ్‌లో పెట్టడం అసలే వద్దు. లోపల ఒక చోట మాడి పొగ లేస్తుంది.

ఫ్రీజర్ పద్ధతి

వానాకాలంలో పురుగు కనిపిస్తే, లేదా వస్తువు వేడికి ఓర్చుకోలేనిదైతే, చలి ఉంది. ఇక్కడా ‘నడుమ’ అన్న మాటే ముఖ్యం. ఫ్రీజర్ చూపే అంకెను నమ్మకుండా మన థర్మామీటర్‌తోనే కొలవాలి. ఒకే తలుపున్న చిన్న ఫ్రిజ్‌లలో పైన ఉండే మంచు అర చాలాసార్లు సున్నాకు దిగువన పది, పన్నెండు దగ్గరే ఆగిపోతుంది. అది పురుగును నిద్రపుచ్చుతుంది గానీ చంపుతుందన్న నమ్మకం లేదు. సున్నాకు దిగువన 18 చేరే ఫ్రీజర్ కావాలి.

బొమ్మను దళసరి పాలిథిన్ కవరులో పెట్టి, గాలిని బాగా నొక్కి తీసి, టేపు వేయండి. తినే పదార్థాలున్న ఫ్రీజర్ అయితే మీద ఇంకో కవరు వేయండి. థర్మామీటర్ మొన టెడ్డీ పొట్టలో ఉండాలి. వైరు సన్నది కాబట్టి తలుపు రబ్బరు మీదుగా బయటికి తీసుకోవచ్చు. చలి త్వరగా ఎక్కాలి. నిదానంగా చల్లబడితే కొన్ని పురుగులు తమ ఒంట్లోని ద్రవాలను చలికి గడ్డకట్టకుండా మార్చుకుని బతికి బయటపడతాయి. అందుకని ఒకేసారి నాలుగు బొమ్మలు కుక్కకండి. ఒకటి పూర్తిగా చల్లబడ్డాకే రెండోది పెట్టండి.

రోజుల లెక్క బొమ్మను పెట్టిన నాటి నుంచి కాదు, నడుమ సున్నాకు దిగువన 18 చూపిన క్షణం నుంచి. మా అమ్మాయి మూరెడు టెడ్డీకి ఆ అంకె రావడానికే దాదాపు ఒక పగలూ రాత్రీ పట్టింది. అక్కడి నుంచి నల్లులకు నాలుగు రోజులు చాలు. చెక్క పురుగుకు మాత్రం రెండు వారాలు ఉంచండి. కరెంటు పోయి నడుమ చలి సున్నాకు దిగువన 15 కన్నా పైకి వస్తే లెక్క మళ్ళీ మొదటి నుంచి. నాకు మూడో రోజున అలా జరిగింది. పాపకు టెడ్డీ లేనిదే నిద్ర పట్టదు. అయినా బుజ్జగించి ఇంకో నాలుగు రోజులు ఆగాం.

బయటికి తీశాక కవరు విప్పకుండా ఒక రోజంతా గదిలో ఉంచండి. అప్పుడు గాలిలోని తేమ నీటిచుక్కలుగా కవరు పైన పడుతుంది. వెంటనే విప్పితే ఆ నీరు బొమ్మ మీదే పడి మచ్చలు, బూజు వస్తాయి. గడ్డకట్టిన ప్లాస్టిక్ కళ్ళు, లక్క పూత గాజులా పెళుసుగా ఉంటాయి, ఆ రోజు వాటిని ఎక్కడా తగలనివ్వకండి.

ఉబ్బసం ఉన్న పిల్లల కోసం టెడ్డీలోని ధూళి పురుగులను చంపాలనుకునేవారు ఫ్రీజర్‌తో పని అయిపోయిందనుకోవద్దు. పురుగు చచ్చినా దాని మలం, చచ్చిన ఒళ్ళు బట్టలోనే ఉంటాయి. దగ్గు రేపేది అవే. తీసిన తర్వాత ఉతికి, లోపలి దూది దాకా ఆరబెట్టాలి.

చచ్చిందో లేదో తెలుసుకోవడం

నల్లుల సంగతి తేలిక. శుద్ధి చేసిన దిండును విడిగా శుభ్రమైన కవరులో ఉంచి వారానికోసారి కుట్లు చూడండి. కొత్త మచ్చ కనిపిస్తే మొదటికి రావాలి. ఈలోగా మంచం పట్టీలు, సోఫా చెక్క సందులు, పరుపు అంచులు కూడా శుభ్రం కాకపోతే, దిండుకు పెట్టిన శ్రమంతా ఒక్క రాత్రిలో పోతుంది. ఎండ, చలి ఆ రోజు లోపల ఉన్న పురుగును చంపుతాయి. రేపు వచ్చేదాన్ని ఆపే మందేమీ వస్తువులో మిగలదు.

చెక్క దగ్గరే చాలామంది బెంబేలెత్తుతారు. పురుగు చచ్చినా సొరంగాల్లో మిగిలిన పిండి, పీట కదిపినప్పుడల్లా కొన్ని వారాల పాటు రాలుతూనే ఉంటుంది. మా ఇంట్లోనూ అలాగే రాలింది, పని చెడిందనే అనుకున్నాను. తేల్చుకోవడానికి ఇలా చేయండి. రంధ్రాల్లోని పిండిని సన్నని కుంచెతో దులిపేసి, పీటను గట్టిగా తట్టి, రంధ్రాలన్నిటినీ మైనంతో పూడ్చండి. పీటను ఎవరూ కదపని మూలలో, నల్ల కాగితం మీద పెట్టండి. కాగితం అంచున తేదీ రాయండి. కదపకుండానే నల్ల కాగితం మీద తెల్లటి చిన్న కుప్ప పడినా, మైనం లేని చోట పదునైన అంచుతో కొత్త రంధ్రం కనిపించినా లోపల ప్రాణం ఉన్నట్టే. రెండంగుళాల ముక్కతో కొలిచారా, కవరు చిల్లు పడిందా అని చూసుకుని మళ్ళీ చేయాలి.

ఒక పూర్తి వేసవి, వానాకాలం గడిచేదాకా ఆగాక, చెక్కకు అన్ని వైపులా వార్నిష్ వేయించండి. ముఖ్యంగా ఎవరూ చూడని అడుగు భాగానికి, పలక కొసలకు. తల్లి పురుగు గుడ్లు పెట్టేది రంగు పడని చెక్క రంధ్రాల్లోనే. మా పీటకు అడుగున ఎప్పుడూ రంగు వేయలేదు, పురుగు దిగింది అక్కడి నుంచే.

పగిలిన పైపలకను మార్చలేదు. వడ్రంగి ఆ పగులులో సన్నని టేకు చీలిక దిగ్గొట్టి చదును చేశాడు. మే నెలలో కాగితం అంచున రాసిన తేదీ దగ్గర మరుసటి మే వచ్చేదాకా ఒక్క తెల్లటి చుక్క కూడా పడలేదు. ఆ మరునాడు పీటను మళ్ళీ వంటింట్లో వేశాను.